24 సరుకుల అమ్మకాలు ఒకే కాగితం మీద చూపించడం ఎలా?

కడప_గుమాస్తా

కడపలో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టులో లెక్కలు చూస్తాను. షావుకారు గారికి నెలకోసారి ఒకే ఒక్క కాగితం కావాలి. ముఖ్యమైన 24 సరుకులు రెండేళ్లుగా ఎలా నడుస్తున్నాయో అందులో కనిపించాలి. మొదట టాలీ నుంచి అంకెలు తీసి ఎక్సెల్‌లో ఒకే లైన్ చార్టు వేశాను. 24 గీతలు, 24 రంగులు. చిక్కుపడిన దారపు ఉండలా తయారైంది. ఏ రంగు కందిపప్పో, ఏది మినప్పప్పో పక్కనున్న పట్టీలో వెతికి వచ్చేసరికి చూస్తున్న గీత ఏదో మరిచిపోతాం.

అది తీసేసి, ప్రతి సరుకు పేరు పక్క గడిలో ఒక స్పార్క్‌లైన్, అంటే ఆ గడిలోనే ఇమిడే చిన్న గీత చార్టు పెట్టాను. చూడటానికి ముచ్చటగానే ఉంది. షావుకారు గారు కాగితం అందుకుని, "ఉప్పు ఇలా ఎగిరెగిరి పడుతోందేమిటి? వేరుశనగ నూనె కంటే ఉప్పుకే ఒడిదుడుకులు ఎక్కువా?" అన్నారు. ఉప్పు నెలకు 198 బస్తాలకు తగ్గదు, 206 దాటదు. వేరుశనగ నూనె 160 టిన్నుల నుంచి 90కి పడిపోయింది. కాగితం మీద చూస్తే రెండు గీతలూ గడి పైనుంచి కిందిదాకా పాకుతున్నాయి. దీన్ని సరిచేసే మార్గం ఉందా?

కొండారెడ్డి_బురుజు

స్పార్క్‌లైన్లు అలంకారానికి పనికొస్తాయంతే. మొదటి చార్టే మంచిది. రెండో అక్షం పెట్టండి. ఎక్కువగా అమ్మే సరుకులు ఎడమ స్కేలుకు, తక్కువగా అమ్మేవి కుడి స్కేలుకు. కర్నూలులో మా ఆఫీసులో ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తోంది.

పెన్నా_ఒడ్డు

రెండో అక్షం పెట్టినా గీతలు 24 నుంచి తగ్గవు కదా. పైగా ఏ గీతను ఏ పక్క స్కేలుతో చదవాలో గుర్తుపెట్టుకోవడం అదనపు పని. ఎడమ గీత, కుడి గీత ఒకదాన్నొకటి దాటిన చోట ఏదో జరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఏమీ ఉండదు, స్కేలు కొంచెం మారిస్తే ఆ కూడలి ఇంకో నెలకు జరిగిపోతుంది.

గుమాస్తా గారూ, మీరు పట్టుకున్న మార్గం సరైనదే. ఎక్సెల్ తనంతట తాను ప్రతి స్పార్క్‌లైన్‌కూ విడిగా స్కేలు వేసుకుంటుంది. ఆ సరుకు కనిష్ఠం గడి అడుగున, గరిష్ఠం గడి పైన. అందుకే 8 బస్తాల తేడా, 70 టిన్నుల తేడా ఒకే ఎత్తున కనిపించాయి. స్పార్క్‌లైన్లున్న గడులన్నీ ఎంచుకుని, పైన `Sparkline` ట్యాబులో `Axis` నొక్కండి. కనిష్ఠానికి ఒకసారి, గరిష్ఠానికి ఒకసారి `Same for All Sparklines` ఉంటుంది. రెండింటినీ మార్చాలి. చాలామంది గరిష్ఠం మార్చి కనిష్ఠం వదిలేస్తారు, అప్పుడు సగం అబద్ధం అలాగే మిగిలిపోతుంది.

కడప_గుమాస్తా

మార్చాను. ఉప్పు బుద్ధిగా సాపుగా వచ్చింది. కానీ ఏలకులు, జీలకర్ర, మిరియాలు గడి అడుగుకు అతుక్కుపోయాయి. ఏలకులు నెలకు 20 కిలోలు, చక్కెర 400 బస్తాలు. ఈ రెండింటికీ ఒకే స్కేలు ఎలా కుదురుతుంది?

వేరుశనగ_రైతు

వేరుశనగ నూనె 160 నుంచి 90కి పడిందంటే కాయ ధర ఇంకా పడుతుందంటారా? ధర్మవరం దగ్గర మా ఇంట్లో ఇంకా మూటలు అలాగే ఉన్నాయి.

గండికోట_గాలి

అన్నా, అది ఒక్క కొట్టులో అమ్మిన టిన్నుల లెక్క. దాన్ని చూసి మూటలు దించేసేరు!

కొండారెడ్డి_బురుజు

అయితే శాతాల్లో వేయండి. మొదటి నెలను 100 అనుకుని మిగతా నెలలను దాంతో పోల్చండి. బస్తాలు, కిలోలు, టిన్నుల గొడవ పోతుంది.

టీచరమ్మ_అనంతపురం

శాతాల్లోకి మార్చమన్నది సరైన మాట. మొదటి నెలను ఆధారంగా తీసుకోమన్న దగ్గరే చిక్కు. వాళ్ల లెక్క జనవరితో మొదలవుతుంటే జనవరిలో సంక్రాంతి. గుమాస్తా గారూ, మీ బెల్లం అంకెలు చెబుతారా?

కడప_గుమాస్తా

2024 జనవరిలో 180 బస్తాలు మేడమ్. మిగతా నెలల్లో అటూఇటూగా 82.

టీచరమ్మ_అనంతపురం

చూడండి. జనవరిని 100 అనుకుంటే మిగతా పదకొండు నెలలూ 45 దగ్గర పడుకుంటాయి. బెల్లం వ్యాపారం సగానికి సగం మునిగిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక్క నెలను కాక మొదటి పన్నెండు నెలల సగటును 100 అనుకోవాలి. బెల్లం సగటు 90. అప్పుడు సంక్రాంతి నెల 200, మిగతావి 91. పండుగ పండుగలా, మామూలు నెల మామూలు నెలలా కనిపిస్తాయి. మీ వేరుశనగ నూనె 2024 సగటు ఎంత?

కడప_గుమాస్తా

150 టిన్నులు. ఏలకులు 20 కిలోలు, ఈ మధ్య 26 దాకా వెళ్తున్నాయి.

టీచరమ్మ_అనంతపురం

అయితే నూనె 107 నుంచి 60కి దిగింది. ఏలకులు 130కి ఎక్కాయి. ఉప్పు 98 నుంచి 102 మధ్య కదిలింది. ఇప్పుడు మూడింటినీ ఒకే కొలబద్దతో చదవవచ్చు. ఇంకో షీటులో మొదటి గడిలో ఈ సూత్రం పెట్టి పక్కకూ కిందికీ లాగండి. అసలు అంకెలున్న షీటు పేరు `Data` అనుకుంటున్నాను. B నుంచి M వరకు మొదటి ఏడాది నెలలు.

```
=Data!B2/AVERAGE(Data!$B2:$M2)*100
```

డాలరు గుర్తు మరవద్దు. అది లేకపోతే పక్కకు లాగినప్పుడు సగటు కూడా నెల నెలా జరిగిపోతుంది, గీత ఊరికే సాపవుతుంది.

లేపాక్షి_బసవన్న

మా ఇంట్లో బెల్లం ఖర్చు ఏడాది పొడుగునా 200 దగ్గరే ఉంటుంది. దానికి ఏ సగటూ పనిచేయదు.

నంద్యాల_మందులు

నాది మందుల పంపిణీ. ఈ చర్చ చూసి నేనూ 60 మందులకు ఇలా వేశాను. గమ్మత్తేమిటంటే ప్రతి గీతా చివర కిందికి వంగుతోంది. జ్వరం మాత్రలు, షుగరు మాత్రలు, ఆయింటుమెంట్లు అన్నీ. మార్కెట్ ఇంతగా పడిపోయిందా?

పెన్నా_ఒడ్డు

చివరి నెల పూర్తయిందా?

నంద్యాల_మందులు

లేదు, ఈరోజు వరకు అమ్మినవి కలిపాను.

పెన్నా_ఒడ్డు

ఆ నెలను తీసేయండి, వంపు పోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని సరుకులన్నీ ఒకే చోట ఒకే పక్కకు వంగితే ముందు అనుమానించవలసింది లెక్కను. సగం నెల కావచ్చు, బిల్లులు ఇంకా ఎక్కించకపోవడం కావచ్చు. చిన్న చార్టులు పక్కపక్కన ఉన్నందుకే అది కంటికి దొరికింది. ఒకే చార్టులో 60 గీతలుంటే ఈ సంగతి మీకు ఎప్పటికీ తెలిసేది కాదు.

నంద్యాల_మందులు

తీసేశాను, సరిపోయింది. ఇంకొక సందేహం. ఒక దగ్గు మందు కంపెనీ నుంచి రెండు నెలలు రాలేదు. అక్కడ గీత తెగిపోయింది. సున్నా పెట్టాలా?

టీచరమ్మ_అనంతపురం

సరుకు ఉండి ఎవరూ కొనకపోతే అది సున్నా. సరుకే లేకపోతే ఖాళీగా వదిలేయండి. సూత్రం ఉన్న షీటులో కూడా ఆ గడిలోని సూత్రం చెరిపేయండి, లేకపోతే ఖాళీకి అది సున్నా ఇస్తుంది. గీత తెగడమే అక్కడ నిజం. సున్నా పెడితే గిరాకీ పడిపోయినట్టు ఉంటుంది. ఎక్సెల్‌లో `Hidden & Empty Cells` అని ఉంటుంది, అక్కడ ఖాళీని తెంచాలా, సున్నాగా గీయాలా, రెండు పక్కలా కలపాలా అన్నది ఎంచుకోవచ్చు. అయితే అమ్మకం లేని నెలను కూడా టాలీ ఖాళీగానే పంపవచ్చు కాబట్టి, ఏ ఖాళీ ఏ రకమో స్టాకు రిజిస్టరు చూసి మీరే తేల్చాలి. ఈ పని ఏ బటనూ చేయదు.

కడప_గుమాస్తా

సగటు పెట్టి, అన్నింటికీ ఒకే స్కేలు పెట్టి ప్రింటు తీశాను. మళ్లీ అన్నీ చదునైపోయాయి! వేరుశనగ నూనె పడిపోవడం కూడా సరిగా కనిపించడం లేదు. సేమ్యా ఒక్కటే ఆకాశానికి లేచింది.

పెన్నా_ఒడ్డు

సేమ్యా మార్చి, ఏప్రిల్ అంకెలు రెండేళ్లవీ పెట్టండి.

కడప_గుమాస్తా

2024 మార్చి 210 పెట్టెలు, ఏప్రిల్ 190. 2025 మార్చి 390, ఏప్రిల్ 35. మిగతా నెలల్లో 40 చొప్పున.

గండికోట_గాలి

రంజాన్!

పెన్నా_ఒడ్డు

అదే. సేమ్యా 2024 సగటు 67 పెట్టెలు. కాబట్టి 2025 మార్చి 585 దగ్గర నిలబడింది. అన్నింటికీ ఒకే గరిష్ఠం అన్నారు కనుక స్కేలు 585 దాకా సాగింది. అందులో నూనె 107 నుంచి 60కి దిగినా అది గడి ఎత్తులో పదో వంతు కూడా కాదు. ఒక్క సరుకు మిగతా 23 సరుకుల గొంతు నొక్కేసింది.

గరిష్ఠాన్ని బలవంతంగా 200 దగ్గర ఆపవచ్చు గానీ అప్పుడు సేమ్యా తల తెగిపోతుంది, ఎంత పెరిగిందో తెలియదు. నేనైతే కాగితాన్ని రెండుగా విడదీస్తాను. పైన ఏడాదంతా నడిచే సరుకులు, వాటన్నింటికీ 0 నుంచి 200 వరకు ఒకే స్కేలు. కింద పండుగ సరుకులు, అంటే సేమ్యా, ఖర్జూరం లాంటివి, వాటికి వాటి సొంత స్కేలు. రెండు వర్గాల మధ్య ఒక గీత గీసి, "కింది వాటి స్కేలు వేరు" అని రాయండి. ఎక్సెల్ ఈ స్కేలును గ్రూపును బట్టి పెడుతుంది. కింది వరుసలను ఎంచుకుని `Ungroup` చేసి, మళ్లీ వాటిని మాత్రమే `Group` చేస్తే వాటి అక్షం వేరవుతుంది.

కొండారెడ్డి_బురుజు

సేమ్యా సంగతి వదిలేసినా, 2025 ఏప్రిల్‌లో 190 నుంచి 35కి పడింది కదా. షావుకారు గారు అడిగితే ఏం చెబుతారు?

సేమ్యా_బాషా

ప్రొద్దుటూరులో మాది సేమ్యా వ్యాపారమే, నేను చెబుతాను. 2024లో పండుగ ఏప్రిల్ 11న వచ్చింది. చిల్లర కొట్లవాళ్లు మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా సరుకు ఎత్తారు, బేరం రెండు నెలల్లోకి చీలింది. 2025లో పండుగ మార్చి 31. బేరమంతా మార్చిలోనే అయిపోయింది. ఏప్రిల్‌లో సేమ్యా ఎవరు కొంటారు? ఈ గుమాస్తా గారి అంకెలు కలిపి చూడండి, 400 పెట్టెలు 425 అయ్యాయి. పడిపోలేదు, కాస్త పెరిగింది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగే పండుగను ఇంగ్లీషు నెలలకు కట్టేస్తే లెక్క ఇలాగే తిక్కతిక్కగా ఉంటుంది. మేము పండుగకు ఆరు వారాల ముందు, అయిదు వారాల ముందు అని వారాలు వెనక్కి లెక్కపెడతాం. రెండేళ్ల గీతలూ అప్పుడే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి.

టీచరమ్మ_అనంతపురం

బాషా గారి మాట దసరాకూ వర్తిస్తుంది. 2024లో అక్టోబరు 12, 2025లో అక్టోబరు 2. రెండో ఏడు హోల్‌సేల్ బేరం చాలావరకు సెప్టెంబరులోనే జరిగి ఉంటుంది. శనగపిండి, మైదా సెప్టెంబరులో ఎగిరి అక్టోబరులో పడితే కంగారు పడకండి.

కడప_గుమాస్తా

రెండుగా విడదీశాక బాగుంది. నూనె పడిపోవడం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఇప్పుడు కొత్త గొడవ. షావుకారు గారికి బస్తాలు, టిన్నులు వద్దట. "రూపాయల్లో వేయవయ్యా, గల్లాపెట్టెలో పడేది రూపాయలే" అంటున్నారు.

పెన్నా_ఒడ్డు

రూపాయల్లోనూ వేయండి గానీ రూపాయల్లో మాత్రమే వేయకండి. పొద్దుతిరుగుడు నూనె చూడండి. 2024 సెప్టెంబరు నెల మధ్యలో కేంద్రం వంట నూనెల దిగుమతి సుంకం పెంచింది, టిన్ను ధర ఒక్కసారిగా ఎగిరింది. మీ దగ్గర అంతకుముందు, ఆ తర్వాత ఎన్ని టిన్నులు, ఎంత ధర?

కడప_గుమాస్తా

ముందు నెలకు 300 టిన్నులు, 1,650 రూపాయల చొప్పున. తర్వాత 250 టిన్నులు, 2,100 దగ్గర.

పెన్నా_ఒడ్డు

అంటే 4 లక్షల 95 వేలు కాస్తా 5 లక్షల 25 వేలయింది. రూపాయల గీత పైకి పోతోంది. టిన్నులు ఆరో వంతు తగ్గాయి. షావుకారు గారు రూపాయల గీత ఒక్కటే చూస్తే నూనె బాగా నడుస్తోందనుకుంటారు, ధర దిగిన రోజున ఉలిక్కిపడతారు. పేరు పక్కన రెండు గడులు పెట్టండి, ఒకటి టిన్నులది, ఒకటి రూపాయలది. ఈ రెండూ ఎదురెదురు దిక్కులకు పోయే వరుసలే ఆయన ముందుగా చూడవలసినవి.

నంద్యాల_మందులు

స్పార్క్‌లైన్‌కు అంకెలు ఉండవు కదా, చూసేవాళ్లకు ఎంత అని ఎలా తెలుస్తుంది?

టీచరమ్మ_అనంతపురం

గీతకు కుడి పక్క గడిలో చివరి నెల అసలు అంకె రాయండి, బస్తాల్లోనో కిలోల్లోనో. ఇంకో గడిలో ఏడాది సగటు. గీత ఎటు పోతోందో చెబుతుంది, అంకె ఎంతో చెబుతుంది. చివరి చుక్కకు ఒక్కదానికే రంగు వేయండి. గరిష్ఠానికి, కనిష్ఠానికి, మొదటిదానికి, చివరిదానికి అన్నింటికీ చుక్కలు పెడితే వరుసకు నాలుగు చొప్పున 96 చుక్కలవుతాయి, ఏదీ కనిపించదు.

గండికోట_గాలి

వరుస ఎత్తు కూడా పెంచండి. మామూలు ఎత్తులో గీత ఈగ కాలంత ఉంటుంది. నేను రెట్టింపు చేస్తాను. వాట్సాప్‌లో ఫొటో పంపేవాళ్లు గీత మందం కూడా పెంచాలి, లేకపోతే అవతలివాళ్లకు బూడిద రంగు మరక చేరుతుంది. కానీ గడిని మరీ నిలువుగా, సన్నగా చేయకండి, ప్రతి చిన్న ఎత్తుపల్లమూ కొండలా నిలబడుతుంది.

కడప_గుమాస్తా

పోయిన ఏడాది గీతను లేత రంగులో అదే గడిలో వెనక వేయవచ్చా?

పెన్నా_ఒడ్డు

ఎక్సెల్ స్పార్క్‌లైన్‌లో ఒక గడికి ఒక్క గీతే. గూగుల్ షీట్స్‌లో `SPARKLINE` లైన్ చార్టు కూడా అంతే. రెండేళ్లను ఒకదాని మీద ఒకటి చూడాలంటే చిన్న చిన్న చార్టులే వేయాలి. స్మాల్ మల్టిపుల్స్ అనేది వీటినే. 24 సరుకులకూ అవసరం లేదు. స్పార్క్‌లైన్ల కాగితంలో అనుమానం వచ్చిన ఆరు సరుకులకు చాలు.

ఒక చార్టును పూర్తిగా తయారుచేయండి. అడ్డంగా 12 నెలలు, పోయిన ఏడాది బూడిద రంగు, ఈ ఏడాది ముదురు నీలం. నిలువు అక్షానికి 0, 200 మీరే టైపు చేయండి. ఆ తర్వాతే `Ctrl+D` కొట్టి నకళ్లు తీసి, ఒక్కోదానికి డేటా వరుస మార్చండి. అక్షాన్ని ముందే బిగించకపోతే డేటా మార్చగానే ప్రతి చార్టూ సొంత స్కేలు వేసుకుంటుంది, మొదటి రోజు ఉప్పు కథ మళ్లీ మొదలవుతుంది.

కర్నూలు_విద్యార్థి

ఎక్సెల్‌లో నకళ్లు తీయడం కంటే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సులువు. డేటాను సరుకు `item`, సంవత్సరం `year`, 1 నుంచి 12 అంకెగా నెల `month`, సూచీ `idx` అని నాలుగు నిలువు వరుసలుగా పెట్టుకుంటే 24 చార్టులూ ఒకేసారి వస్తాయి.

```
ggplot(d, aes(month, idx, colour = factor(year))) +
  geom_line() +
  facet_wrap(~ item, ncol = 4)
```

ఇందులో ప్రత్యేకంగా చెప్పకపోతే అన్నింటికీ ఒకే స్కేలు ఉంటుంది, ఎక్సెల్‌కు పూర్తిగా ఎదురు. `scales = "free_y"` అని రాస్తేనే విడివిడి స్కేళ్లు వస్తాయి.

కడప_గుమాస్తా

బాబూ, మా కొట్టు కంప్యూటర్‌లో టాలీ, ఎక్సెల్ తప్ప ఇంకేదీ వేయనివ్వరు. ఆరు నకళ్లు తీసుకుంటాను.

టీచరమ్మ_అనంతపురం

ఆ ఆరింటినీ కాగితం మీద ఎలా పేరుస్తారన్నది కూడా ఆలోచించండి. ఒకే అడ్డ వరుసలో ఉన్నవాటిలో ఏది ఎత్తుగా ఉందో కన్ను తేలిగ్గా పోలుస్తుంది. ఒకదాని కింద ఒకటి ఉంటే ఏ నెలలో మలుపు తిరిగిందో పోల్చడం తేలిక. వేరుశనగ నూనె పడుతున్న నెలల్లోనే పామాయిల్ లేచిందా అన్నది మీ ప్రశ్న అయితే వాటిని నిలువుగా పెట్టండి.

కొండారెడ్డి_బురుజు

మరి 24 వరుసల క్రమం? అక్షర క్రమంలోనే ఉండాలి. లేకపోతే వెతుక్కోవాలి.

పెన్నా_ఒడ్డు

అక్షర క్రమంలో పెడితే అల్లం పక్కన ఆవాలు వస్తాయి, వాటికి ఒకదానితో ఒకటి పని లేదు. ఎక్కువగా పడిపోయినవి పైన, ఎక్కువగా పెరిగినవి కింద పెట్టాలి. చూడగానే తగాదా ఎక్కడుందో తెలుస్తుంది.

సేమ్యా_బాషా

దీనికి నేను ఒప్పుకోను. నెలనెలా క్రమం మారితే షావుకారు కన్ను ప్రతిసారీ మొదటి నుంచి తిరగాలి. కొట్టులో సరుకు పేర్చిన వరుసలోనే పెట్టండి. పప్పులు ఒకచోట, నూనెలు ఒకచోట, దినుసులు ఒకచోట. పెద్దాయనకు మూడో నెలకల్లా ఏది ఎక్కడుంటుందో అలవాటవుతుంది.

పెన్నా_ఒడ్డు

అలవాటైన కాగితాన్ని సరిగా చూడరు, అదే నా భయం. పడిపోయింది నూనెల గుంపులో మూడో వరుసలో ఉంటే దాటుకుని వెళ్లిపోతారు.

సేమ్యా_బాషా

అందుకేగా చివరి చుక్కకు రంగు వేయమన్నది. సగటును 100 అనుకున్న లెక్కలో 80 కంటే తగ్గిన సరుకు అంకెను ఎర్రగా చేయండి, మూడో వరుసలో ఉన్నా పిలుస్తుంది.

కడప_గుమాస్తా

ఈ నెల బాషా గారి పద్ధతిలో ఒకటి, పెన్నా_ఒడ్డు గారి పద్ధతిలో ఒకటి ప్రింటు తీసి రెండూ బల్ల మీద పెడతాను. షావుకారు గారు ఏది చేతిలోకి తీసుకుంటారో చూసి చెబుతాను.

వేరుశనగ_రైతు

మరి కాయ ధర సంగతి ఎవరూ చెప్పలేదు.